(1) లేని ఆర్టికల్

రాజ్యాంగంలో 371వ ఆర్టికల్ ఎప్పుడైనా తెరిచి చూశారా? అది (2)తో మొదలవుతుంది. (1) ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తులు కనిపిస్తాయి. అక్కడ ఒకప్పుడు ఉన్నది మన సంగతే. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రాంతీయ సంఘాన్ని ఏర్పాటు చేయడానికి వీలు కల్పించే క్లాజు అది. దాన్ని 1956లో పెట్టారు. 1973లో పార్లమెంటు 32వ సవరణతో దాన్ని తీసేసి, కొత్తగా 371డి, 371ఇ చేర్చింది. కింద మహారాష్ట్ర, గుజరాత్‌లకు సంబంధించిన (2) మాత్రం పైకి జరగలేదు. యాభై ఏళ్లుగా (2)గానే ఉంది.

ఇలాంటి ఖాళీయే 19(1)లోనూ ఉంది. అక్కడ (ఇ) అయిపోగానే (జి) వస్తుంది. మధ్యలో ఉన్న (ఎఫ్) ఆస్తి సంపాదించుకునే, ఉంచుకునే, అమ్ముకునే హక్కు. 1978 నాటి 44వ సవరణ దాన్ని కొట్టేసింది. మనం కంప్యూటర్లో జాబితా టైపు చేస్తూ ఒక అంశం తీసేస్తే, వర్డ్ వెంటనే కింది అక్షరాలన్నిటినీ ఒక మెట్టు పైకి లాగేస్తుంది. ఢిల్లీలో చట్టాలు రాసేవాళ్లు ఆ పని చేయరు. ఎందుకంటే వృత్తి, వ్యాపార స్వేచ్ఛకు చెందిన (జి) కాస్తా (ఎఫ్) అయిందనుకోండి, అదే ఆర్టికల్లో (జి)ని పేరుపెట్టి ప్రస్తావించే క్లాజు (6) దారి తప్పుతుంది. దాన్నైతే దిద్దుకోవచ్చు. కానీ సుప్రీంకోర్టు పాత తీర్పులను ఎవరు దిద్దుతారు? 1960ల తీర్పులో 19(1)(ఎఫ్) కనబడితే అది ఆస్తి గురించా, వ్యాపారం గురించా అని లాయర్లు తారీకులు చూసుకుంటూ కూర్చోవాలి. ఒకసారి ఇచ్చిన గుర్తును ఇక మార్చకపోవడమే మేలు.

తీసేసినప్పుడు ఖాళీ వదిలేస్తారు సరే, కొత్తది ఇరికించాలంటే? దానికి ఢిల్లీయే ఉదాహరణ. పుదుచ్చేరి వంటి కేంద్రపాలిత ప్రాంతాల శాసనసభల కోసం 1962లో 239ఎ వచ్చింది, 1971లో 239బి వచ్చింది. 1991లో ఢిల్లీకి అసెంబ్లీ ఇచ్చేసరికి ఆ రెంటి మధ్య చోటు కావాల్సి వచ్చింది. అలా పుట్టిందే 239ఎఎ, దాని పక్కన 239ఎబి. ఢిల్లీ ప్రభుత్వానికీ కేంద్రానికీ జరిగిన తగవులో 2018లోనూ 2023లోనూ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు తిరగేసిన ఆర్టికల్ ఇదే.

పోలీసు, శాంతిభద్రతలు, భూమి ఢిల్లీ అసెంబ్లీ చేతిలో లేవని చెప్పేది 239ఎఎ(3)(ఎ). ఇందులో బ్రాకెట్ బయట ఉన్న అక్షరాలు ఇంటి నంబరు లాంటివి. 12కూ 13కూ మధ్య కొత్త ఇల్లు లేస్తే 12ఎ అంటాం కదా, అలా. బ్రాకెట్లోవి ఆ ఇంట్లోని గదులు. మన పత్రికలు 371డిని తరచూ ‘371(డి)’ అని అచ్చేస్తుంటాయి. అది కొత్త ఇంటిని పాత ఇంట్లో గదిగా చూపించడమే. అందరికీ అర్థమవుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం కంట్లో నలుసే.

అన్నిటికంటే తికమక పెట్టేది (i). ఇది ఇంగ్లీషు అక్షరమూ కావచ్చు, రోమన్ ఒకటీ కావచ్చు. సమాచార హక్కు చట్టంలో మంత్రివర్గ పత్రాలను బయటపెట్టక్కర్లేదనే 8(1)(i)లో ఉన్నది అక్షరం. దానికి ముందు (h), తర్వాత (j) ఉన్నాయి. రాజ్యాంగంలో 6(b)(i) అలా కాదు. పాకిస్తాన్ నుంచి 1948 జులై 19కి ముందు వచ్చినవారి పౌరసత్వం (i) కింద, ఆ రోజుగానీ ఆ తర్వాతగానీ వచ్చినవారిది (ii) కింద తేలుతుంది. ఇక్కడిది రోమన్ అంకె, (b) అనే అక్షరం కడుపులో ఉంది. ఇరుగుపొరుగు చూస్తే తప్ప మనిషిని పోల్చలేం. గోవాకిచ్చిన ఆర్టికల్‌ను అయితే అడ్డగీత పెట్టి 371-I అని అచ్చేస్తారు. లేకపోతే అది మూడువేల ఏడువందల పదకొండులా కనబడుతుంది.

హిందీ ప్రతిలో ఎ, బి, సిలకు బదులు క, ఖ, గలు వాడతారు. ఐదు వర్గాల అక్షరాలూ కలిపి 25. వాటి తర్వాత ‘య’ 26వది. అంటే ఇంగ్లీషు జెడ్‌కు సరిగ్గా ‘య’ సరిపోతుంది! (జి)ని (ఛ) అంటారు, 239ఎఎ అయితే 239కక. అక్షరాల వరస మనదే కాబట్టి తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఢిల్లీ నుంచి వచ్చిన హిందీ కాగితంలో ‘371ఘ’ అని ఉంటే మాత్రం చెవిని నమ్మకండి. ‘ఘ’ వినగానే ‘జి’ అని రాసుకున్నారో, మీ స్థానిక కోటా కాగితం నేరుగా మిజోరం వెళ్లిపోతుంది. 371జి ఆ రాష్ట్రానిది. మనది నాలుగో అక్షరం.