‘పోయినసారిదే పంపించేయండి’

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక బిర్యానీ పాయింట్ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. ఎదురుగా పార్సిల్ కోసం వచ్చినవాళ్లు. వెనక వంటింట్లోంచి ‘ఇంకో హండీ ఎక్కించమంటారా?’ అని కేక. కౌంటర్ కుర్రాడి భుజానికీ చెవికీ మధ్య ఫోను. ఎదురుగా ఉన్నవాళ్లని ‘రెండు నిమిషాలండీ’ అని ఆపొచ్చు. ఫోన్ చేసేవాళ్లు కనిపించరు. ఎంగేజ్ వస్తే ఇంకోసారి చేస్తారు, అప్పుడూ దొరక్కపోతే పక్క వీధి పాయింట్‌కి చేస్తారు. పోయిన ఆ ఆర్డర్ ఏ బిల్లులోనూ కనిపించదు కాబట్టి ఓనర్‌కి పోయినట్టే తెలియదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. రద్దీ వేళ గంటకి 25 ఫోన్లు వస్తాయి, ఆర్డర్ రాసుకోవడానికి ఒక్కోదానికి సగటున 2 నిమిషాలు పడుతుంది అనుకుందాం. మొత్తం 50 నిమిషాల పని. ఒక్క మనిషి చాలు, పది నిమిషాలు మిగులుతాయి కూడా అనిపిస్తుంది. కానీ ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి పద్ధతిగా రావు. ఐదు నిమిషాలు మోగదు, తర్వాత మూడు ఒక్కసారే మోగుతాయి. ఇలా ఇష్టం వచ్చినట్టు వచ్చే ఫోన్లని లెక్కలోకి ఎక్కించిన మొదటివాడు ఎర్లాంగ్. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితవేత్త. 1909లో ఆయన అచ్చువేసిన వ్యాసంతో మొదలైన క్యూ లెక్కల ప్రకారం, మన కౌంటర్‌కి ఫోన్ చేసిన మనిషి సగటున 10 నిమిషాలు ఆగాల్సి వస్తుంది. అదే ఒక్కో ఆర్డర్ 2 నిమిషాల బదులు ఒకటిన్నర నిమిషంలో ముగిస్తే? ఆగాల్సిన సమయం రెండున్నర నిమిషాలకి పడిపోతుంది. ఆర్డర్‌కి అరనిమిషం మిగిలితే నిరీక్షణ నాలుగో వంతుకి వచ్చేసింది. నిజానికి ఫోన్ పట్టుకుని ఎవరూ పది నిమిషాలు ఆగరు, ఆగకుండా పోయినవాళ్లే మన నష్టం. ఇంకో మనిషిని పెట్టుకోవడం కన్నా ఈ అరనిమిషం సంపాదించడం చవక. అది దొరికేది ఆర్డర్ ఎక్కించే స్క్రీన్‌లోనే.

స్క్రీన్ తెరవగానే కర్సర్ ఫోన్ నంబర్ గడిలో ఉండాలి. ఐటమ్స్ దగ్గర కాదు, పేరు దగ్గర అసలే కాదు. మన పేర్లతో వెతకడం పెద్ద గొడవ. ఒకే లక్ష్మిగారిని పొద్దున డ్యూటీ కుర్రాడు `Lakshmi` అని, సాయంత్రం డ్యూటీ అమ్మాయి `Laxmi` అని ఎక్కిస్తారు. శ్రీను సంగతి చెప్పనే అక్కర్లేదు. నంబర్‌కి ఆ బాధ లేదు, అది కౌంటర్ ఫోన్ మీద కనిపిస్తూనే ఉంటుంది. పది అంకెలూ కొట్టక్కర్లేదు, చివరి నాలుగు చాలు. నాలుగు అంకెలతో పదివేల కలయికలు వస్తాయి. షాపులో రెండు వేల మంది కస్టమర్లు ఉంటే ఎక్కువసార్లు ఒక్క పేరే వస్తుంది. ఐదారుగురిలో ఒకరికి మాత్రం అవే చివరి అంకెలున్న మరో మనిషి తోడొస్తారు. పక్కన వీధి పేరు చూపిస్తే తేల్చుకోవడం క్షణం పని. ఇది కుదరాలంటే నంబర్లన్నీ ఒకే రూపంలో దాచాలి. ఒకరికి ముందు సున్నా, ఇంకొకరికి +91, మరొకరికి మధ్యలో ఖాళీ ఉంటే ఒకే మనిషికి మూడు ఖాతాలు పుడతాయి, పాత ఆర్డర్లు మూడు చోట్లా చెదిరిపోతాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. నంబర్ అంటే మనిషి కాదు. మన దేశంలో కనెక్షన్ తీసేసిన మొబైల్ నంబర్‌ని 90 రోజులు దాటాక కంపెనీలు వేరేవాళ్లకి ఇవ్వొచ్చు. అందుకని స్క్రీన్ మీద అడ్రస్ కనిపించగానే ‘రామాలయం వీధి, మేడ మీద వాటానే కదండీ’ అని మనమే చదివి వినిపించకూడదు. అవతల ఉన్నది ఎవరో తెలియదు. ‘ఎక్కడికి పంపమంటారండీ?’ అని అడిగి, వాళ్లు చెప్పింది స్క్రీన్‌తో సరిపోతే ఎంటర్ కొట్టాలి. దీనికి పట్టేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లని మిగుల్చుకోవాలని చూడకండి.

ఇప్పుడు అసలు బటన్ దగ్గరికి వద్దాం. పాత కస్టమర్లు ఫోన్‌లో ఎక్కువగా చెప్పే మాట ‘పోయినసారిదే పంపించేయండి’. దీనికోసం సాఫ్ట్‌వేర్‌లు ‘రిపీట్ లాస్ట్ ఆర్డర్’ అని ఒక బటన్ ఇస్తాయి. నొక్కితే పాత ఆర్డర్ యథాతథంగా వంటింటికి వెళ్లిపోయేలా చేసినవీ ఉన్నాయి. డెమోలో అది చాలా బాగుంటుంది. కౌంటర్ దగ్గర మాత్రం దానంత ప్రమాదకరమైన బటన్ ఇంకోటి లేదు. ఎందుకో ఒక ఆర్డర్‌తో చూద్దాం.

రామాలయం వీధి మాస్టారు ఫోన్ చేశారు. కుర్రాడు చివరి నాలుగు అంకెలు 4417 కొట్టాడు. రెండు పేర్లు వచ్చాయి, ఒకరిది ఆటోనగర్, ఒకరు మాస్టారు. మాస్టారి పేరు కింద ఆఖరి ఆర్డర్ 40 చికెన్ బిర్యానీలు. స్కూలు వార్షికోత్సవానికి ఆయన పేరు మీద చేసిన ఆర్డర్ అది. మాస్టారి ఉద్దేశంలో ‘పోయినసారిది’ అంటే ఇది కాదు, అంతకు ముందు ఆదివారం ఇంటికి తెప్పించుకున్నది. అందుకే ఒక్క ఆఖరి ఆర్డర్ కాకుండా ఆఖరి మూడు, తేదీలతో, స్క్రీన్ మీద ఉండాలి. కుర్రాడు కింది బాణం ఒకసారి నొక్కి రెండోది ఎంచుకున్నాడు. రెండు చికెన్ దమ్ బిర్యానీ, ఒక చికెన్ 65.

ఎంచుకోగానే ఐటమ్స్, వాటి సంఖ్య మాత్రమే కొత్త ఆర్డర్‌లోకి రావాలి. ధర ఎప్పుడూ ఇవాళ్టి మెనూ నుంచి రావాలి. అప్పుడు బిర్యానీ 220, ఇప్పుడు 240. పాత ధరే వచ్చేస్తే బిల్లు తేడా కొట్టి, సాయంత్రం లెక్క చూసుకునేటప్పుడు గొడవ. చికెన్ 65 ఇవాళ అయిపోయింది, ఆ వరస ఎర్రగా కనిపించాలి. చాలా స్క్రీన్‌లు లేని ఐటమ్‌ని చప్పుడు చేయకుండా వదిలేస్తాయి. అప్పుడు పార్సిల్ విప్పేదాకా మాస్టారికీ తెలియదు, డెలివరీ కుర్రాడు తిట్లు తినేదాకా షాపువాళ్లకీ తెలియదు. ఎర్రగా కనిపిస్తే ఫోన్‌లోనే ‘65 అయిపోయిందండి, మెజెస్టిక్ వేడిగా ఉంది, పంపమంటారా?’ అని అడగొచ్చు. మాస్టారు సరేనన్నారు, అది 210. ‘ఒక బిర్యానీలో గుడ్డు వద్దు బాబూ’ అని కూడా చెప్పారు.

అప్పుడు ‘2 బిర్యానీ’ అన్న వరస రెండుగా చీలాలి. ఒకటి మామూలుది, ఒకటి ‘గుడ్డు వద్దు’ రాసినది. మొత్తం ఆర్డర్ కింద ఒక్కచోట ‘గుడ్డు వద్దు’ అని రాస్తే వంటమాస్టర్ రెండింట్లోంచీ తీసేస్తాడు, లేకపోతే రద్దీలో అసలు చూడడు. చివరగా కుర్రాడు చదివి వినిపించాడు. ‘రెండు దమ్ బిర్యానీ, ఒకదాంట్లో గుడ్డు లేకుండా, ఒక మెజెస్టిక్, 690 అయిందండి మాస్టారూ.’ అటునుంచి ‘ఆఁ, సరే’ వినిపించాకే ఆఖరి ఎంటర్. రిపీట్ బటన్ ఆర్డర్‌ని పంపేది కాకూడదు, చిత్తుప్రతి రాసిపెట్టేది కావాలి. టైపు చేసే సమయం మిగలడమే దాని పని, మనిషిని అడిగే సమయం మిగలడం కాదు.

ఇందాకటి నుంచీ కుర్రాడు మౌస్ ముట్టుకోలేదని గమనించారా? 1980లో కార్డ్, మోరన్, న్యూవెల్ అనే ముగ్గురు పరిశోధకులు కంప్యూటర్ దగ్గర మనిషి చేసే ఒక్కో కదలికకి ఎంత సమయం పడుతుందో కొలిచిపెట్టారు. చెయ్యి కీబోర్డ్ నుంచి మౌస్ మీదికి పోవడానికి 0.4 సెకను, గురి చూడటానికి 1.1 సెకను, నొక్కడం, మళ్లీ కీబోర్డ్ మీదికి రావడం. అంతా కలిపి రెండు సెకన్లకి అటూఇటూ. చెయ్యి తిరిగినవాడికి ఒక కీ నొక్కడానికి పట్టేది 0.2 సెకనే. అందుకే `2 cdb` అని కొట్టి ఎంటర్ నొక్కితే రెండు చికెన్ దమ్ బిర్యానీ పడిపోయే పొట్టి కోడ్‌లు, బొమ్మల మెనూ కన్నా కౌంటర్‌కి నయం. కొత్త కుర్రాడికి వారం పాటు బొమ్మలే సుఖం అనిపిస్తుంది, అది నిజమే. వాడికోసం కోడ్‌ల కాగితం ఒకటి మానిటర్ పక్కన అంటించండి.

ఇక నోట్స్. ఎక్కువ స్క్రీన్‌లలో దీనికి ఒకటే గడి ఉంటుంది, అందులోనే అన్నీ రాస్తారు. ‘కారం తక్కువ. గేటు దగ్గర కుక్క ఉంది. చిల్లర ఇవ్వడు.’ ఇదంతా కేఓటీ మీద పడితే వంటమాస్టర్‌కి కుక్కతో పనేమిటి? బిల్లు మీద పడితే మూడో ముక్క నేరుగా కస్టమర్ చేతికే వెళ్తుంది. ఇలా చేతికి వెళ్లిన బిల్లులు ఉన్నాయి, ఆ తర్వాత ఫోన్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగ్గది కాదు. వంటింటి మాట ఐటమ్ వరసకి అతుక్కుని కేఓటీ మీద మాత్రమే రావాలి. దారి గుర్తులు అడ్రస్‌తో పాటు పార్సిల్ చీటీ మీద రావాలి. కస్టమర్ గురించి కౌంటర్‌కి మాత్రమే తెలియాల్సినది స్క్రీన్ దాటకూడదు. అక్కడ కూడా, ఆ మనిషి పక్కన నిలబడి చదివినా సిగ్గుపడక్కర్లేని మాటలే రాయడం మంచిది.

దీనికన్నా లోతైన చిక్కు ఒకటుంది. రిపీట్ చేసినప్పుడు పాత నోట్ కూడా రావాలా? ‘గుడ్డు వద్దు’ ఆ రోజు ఇంటికొచ్చిన చుట్టం కోసం కావచ్చు. ‘వేరుశనగ పడదు’ అన్నది మాత్రం ఆ ఇంట్లో పిల్లకి జీవితాంతం ఉండే సంగతి. మొదటిది ఆ ఆర్డర్‌తోనే పోవాలి. రెండోది కస్టమర్ ఖాతాకి అతుక్కుని, ప్రతి కేఓటీ మీదా పెద్ద అక్షరాలతో, ఎవరూ గుర్తుపెట్టుకోకపోయినా రావాలి. ఈ రెండింటికీ ఒకే గడి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఎంత వేగంగా నడిచినా నేను కొనమని చెప్పను.

కౌంటర్‌లో తరచూ జరిగేవి ఇంకా రెండున్నాయి. సగం ఆర్డర్ ఎక్కించాక ఎదురుగా ఉన్నవాళ్లు బిల్లు అడుగుతారు. చిత్తు ఆర్డర్ హోల్డ్‌లో పడాలి, కరెంటు పోయి వచ్చినా అక్కడే ఉండాలి. రెండోది, భర్త ఆఫీసు నుంచి చేసిన ఆర్డర్ తెలియక భార్య ఇంటి నుంచి మళ్లీ చేస్తుంది. ఒకే అడ్రస్‌కి అరగంటలో రెండో ఆర్డర్ వస్తే స్క్రీన్ ఆపేయకూడదు, ‘ఇందాక ఒకటి వెళ్లింది’ అని చెప్తే చాలు. ఎంటర్ పొరపాటున రెండుసార్లు నొక్కినా ఇదే కాపాడుతుంది.

స్క్రీన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి రిపోర్టులు అక్కర్లేదు. కంప్యూటర్ పక్కన చూడండి. అక్కడ ఇంకా రఫ్ నోట్‌బుక్, దారానికి కట్టిన పెన్ను ఉండి, కుర్రాడు ముందు అందులో రాసుకుని ఖాళీ దొరికాక కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాడంటే ఆ స్క్రీన్ ఓడిపోయినట్టే. తప్పు కుర్రాడిది కాదు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు మంగళవారం మూడింటికి, షాపు ఖాళీగా ఉన్నప్పుడు డెమో ఇస్తామంటారు. ఒప్పుకోకండి. ఆదివారం ఒంటిగంటకి రమ్మనండి, మౌస్ తీసి పక్కన పెట్టండి, మోగుతున్న ఫోన్ వాళ్ల చేతికివ్వండి.