నలుగురం... ఓ కుక్క!

టులెట్ బోర్డు చూసి గేటు తీస్తారు. గదులు నచ్చుతాయి. అద్దె కుదురుతుంది. 'మొత్తం ఎంతమంది అమ్మా?' అంటుంది ఇంటావిడ. 'నలుగురం పిన్నిగారూ... ఓ కుక్క కూడా ఉంది.' అంతే, అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి మొహం మారిపోతుంది. 'కుక్కలంటే మా ఆయన ఒప్పుకోరమ్మా!'

ఈ మాటకు భయపడే చాలామంది అసలు విషయం దాచేస్తారు. సామాన్లు దిగాక వారానికి కుక్కను తెస్తారు. గొడవ అక్కడే మొదలవుతుంది. ఇల్లు ఖాళీ చేయమంటారు, లేదా కుక్కను పంపేయమంటారు. చివరికి దాన్ని ఏ ఊరి చివరో దించి వచ్చేవాళ్లూ ఉన్నారు. తిండీ నీళ్లూ లేక మాడేలా జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి. ఎలా అడగాలన్నదే అసలు సంగతి.

డాబా మీదే పేచీ

పర్చూరు నుంచి గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో పై వాటా చూసుకున్న కుటుంబం ఒకటి ఉందనుకుందాం. ఊళ్లో పెరిగిన నాలుగేళ్ల కుక్కను వదల్లేక వెంట తెచ్చుకోవాలనుకున్నారు. అద్దె 8 వేలు, అడ్వాన్సు రెండు నెలలది.

'మా కుక్క చాలా మంచిదండీ' అంటే ఏ ఓనరూ నమ్మడు. ఆయన భయాలు వేరు. మిరప కోతల రోజులు వచ్చాయంటే ఏడాదికి సరిపడా మిరపకాయలు డాబా మీదే ఎండుతాయి. ఆ తర్వాత వడియాలు, అప్పడాలు. వాటి మీద కుక్క నడిస్తే ఇంటావిడ ఊరుకుంటుందా? మెట్ల మీద మలమూత్రాలు, రాత్రిళ్లు అరుపులు, కింది వాటా పిల్లలను కరుస్తుందేమోనన్న దిగులు... ఇవన్నీ ఉంటాయి. వాళ్లు అడక్కముందే వీటికి జవాబు ఒక కాగితం మీద రాసి ఇస్తే సగం పని అయినట్టే.

ఆ కాగితంలో గొప్పలు అక్కర్లేదు. కుక్క డాబా ఎక్కదు. మెట్ల మీద గొలుసు లేకుండా తిరగదు. బయట మలవిసర్జన చేస్తే వెంటనే ఎత్తేస్తాం. ఏటా రేబిస్ టీకా వేయించి కార్డు నకలు ఇస్తాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. పండక్కి ఊరెళితే వెంట తీసుకెళతాం. ఈ ఆరు మాటలు చాలు. కుక్కను రోజంతా డాబా మీద కట్టేస్తామని మాత్రం ఒప్పుకోకండి. గుంటూరు ఎండల్లో దాని ప్రాణానికే ముప్పు.

డిపాజిట్ దేనికి?

అడ్వాన్సు కాక మరో నెల అద్దె, అంటే 8 వేలు అదనంగా ఇస్తామన్నారనుకుందాం. అది దేనికో రాసుకోకపోతే ఖాళీ చేసేటప్పుడు తగువు తప్పదు. రంగులు, సున్నాల కింద ఓనర్లు ఎటూ కొంత పట్టుకుంటారు. కుక్క డిపాజిట్ అందులో కలవకూడదు. 'కుక్క వల్ల తలుపులు, దోమతెరలు, గోడలు పాడైతే ఆ మరమ్మతు ఖర్చు మినహాయించి మిగతాది తిరిగివ్వాలి' అని అద్దె ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాలి. దిగిన రోజే తలుపులు, గోడలు ఫొటోలు తీసి ఇద్దరూ దాచుకోవాలి. పదకొండు నెలల తర్వాత తలుపు గీతలకు వడ్రంగి 1,800, దోమతెరకు 700 అయ్యాయనుకోండి. 2,500 పోను 5,500 చేతికొస్తుంది.

అయితే డబ్బు తలుపును బాగుచేస్తుంది గానీ అరుపును ఆపలేదు. కొత్త ఇంట్లో ఒంటరిగా వదిలితే కొన్ని కుక్కలు ఆగకుండా అరుస్తాయి. ఇంట్లోవాళ్లు బయటే ఉంటారు కాబట్టి వాళ్లకది తెలియదు. అందుకే మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట, ఆపైన గంట... అలా అలవాటు చేయాలి. బయటికెళ్లేటప్పుడు ఇంట్లో ఓ ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వెళితే అసలు సంగతి తెలిసిపోతుంది. 'ఒక్క నెల చూడండి బాబాయిగారూ, ఇబ్బందయితే చెప్పండి' అని గడువు అడిగితే ఓనరుకూ ధైర్యం వస్తుంది.

చట్టం ఎంతవరకు?

అపార్ట్‌మెంట్ సంఘాలు మెజారిటీతో తీర్మానించినా పెంపుడు కుక్కలను నిషేధించలేవని కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. కానీ అవి సంఘాలకు చెప్పినవి. సొంతింటి వాటాను అద్దెకిచ్చే మనిషి ముందు వాటిని చదివితే, బోర్డు ఇంకొకరి కోసం అలాగే ఉంటుంది! ఇంగ్లండ్‌లో మాత్రం 2025లో చేసిన చట్టం అద్దెదారుకు పెంపుడు జంతువు కోసం అడిగే హక్కిచ్చింది. సరైన కారణం లేకుండా ఓనరు కాదనకూడదు. మన దగ్గర ఇప్పటికీ ఓనరు మాటే కీలకం.

అందుకే ఆ 'సరే' కాగితం మీద ఉండాలి. నోటిమాటగా ఒప్పుకున్న పెద్దాయన తర్వాత ఇంటి వ్యవహారం కొడుక్కి అప్పగిస్తే, 'కుక్క సంగతి మాకెవరూ చెప్పలేదే!' అంటాడు. రెండు సంతకాలుంటే ఆ మాట రాదు. మిరపకాయలు డాబా మీద, కుక్క తన గుమ్మంలో... ఎవరి చోటు వారిది.