కొసకు పలచబడే సన్‌షేడ్

కిటికీ మీది సన్‌షేడ్ గోడలోని లింటెల్‌ను పట్టుకుని గాలిలో నిలబడుతుంది. వంపు ఒత్తిడి అంతా గోడ దగ్గరే కాబట్టి అక్కడ మందం ఎక్కువ, కొసన తక్కువ. వాలు పైకి ఉంటే వాననీరూ జారిపోతుంది.

మా కిటికీ లెక్క చూడండి. సన్‌షేడ్ పొడవు 1.5 మీటర్లు, ముందుకు 60 సెంటీమీటర్లు. మందం గోడ దగ్గర 10, కొసన 6 సెంటీమీటర్లు, సగటు 8. కాంక్రీటు 1.5 × 0.6 × 0.08 = 0.072 ఘనపు మీటర్లు. మేస్త్రీ అంతటా 10 వేసి 0.09 అన్నాడు. పాతిక శాతం ఎక్కువ! లింటెల్ లెక్క వేరు.

ఇనుము మాత్రం మందంతోపాటు తగ్గదు. 15 సెంటీమీటర్లకొకటి చొప్పున 11 ఎనిమిది ఎంఎం కడ్డీలు. లింటెల్‌లోకి వంచి దించే భాగంతో ఒక్కోటి సుమారు మీటరు. అడ్డంగా మరో నాలుగు. మీటరుకు 0.395 కిలోలు కాబట్టి మొత్తం దాదాపు 6.7 కిలోలు.

అసలు కడ్డీలు పైభాగాన, 2 సెంటీమీటర్ల కవరు కింద ఉండాలి. పోసేటప్పుడు కూలీలు తొక్కితే అవి అడుక్కి దిగిపోతాయి. సెంట్రింగ్ తీశాక పైన, గోడ వెంబడి సన్నటి పగులు కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే.