చెక్కను నిలబెడితే తొమ్మిదింతలు

ఇల్లు కట్టేచోట రెండు ఇటుకల దొంతుల మీద ఒక చెక్క వేసి, దాని మీద నడుస్తుంటారు. ఆ చెక్క మందం 50 మిల్లీమీటర్లు, వెడల్పు 150 మిల్లీమీటర్లు, దొంతుల మధ్య దూరం 2 మీటర్లు అనుకుందాం. 60 కిలోల మనిషి నడిమధ్యన నిలబడితే, మామూలు కలపైతే ఆరు మిల్లీమీటర్లకు కాస్త పైగా కుంగుతుంది. అదే చెక్కను అంచు మీద నిలబెట్టి, పక్కకు ఒరగకుండా పట్టుకుని, అదే బరువును మధ్యన వేలాడదీస్తే మిల్లీమీటరు కూడా కుంగదు. కలప మారలేదు, బరువు మారలేదు, దూరం మారలేదు. చెక్కను పక్కకు తిప్పామంతే.

దూలాన్ని నిలువుగా వేయాలని వడ్రంగికి ఒకరు చెప్పక్కర్లేదు. ఎన్ని రెట్లు తేడా అంటే మాత్రం లెక్క కట్టాలి. జవాబు సరిగ్గా తొమ్మిది రెట్లు. ఆ తొమ్మిదిని ఇచ్చే కొలత పేరు వైశాల్య ద్వితీయ భ్రామకం. పాలిటెక్నిక్ కుర్రాళ్లు దీన్నే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అనీ, క్లుప్తంగా ‘ఐ విలువ’ అనీ అంటారు.

దూరానికి వర్గం ఎందుకు?

చెక్క కుంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుపోయి పొట్టిదవుతుంది. అడుగుభాగం సాగి పొడవవుతుంది. నడుమ ఎక్కడో ఒక పొర సాగదు, నొక్కుకుపోదు. దాన్ని తటస్థ అక్షం అంటారు. ఆ అక్షానికి y దూరంలో ఉన్న సన్నని పొరను చూడండి. అది ఎంత దూరంలో ఉంటే అంతగా సాగుతుంది, సాగినంతగా వెనక్కి లాగుతుంది. అంటే ఆ లాగుడు y తో పాటు పెరుగుతుంది. ఇక చెక్క వంగకుండా ఆపేది లాగుడు ఒక్కటే కాదు, అక్షం నుంచి ఎంత ఎడంగా ఉండి లాగుతోందన్నది కూడా. గడపారతో బండను లేపేటప్పుడు చివరన పట్టుకున్నవాడికే పట్టు ఎక్కువ కదా. అలా y రెండోసారి వచ్చి చేరుతుంది. రెండూ గుణిస్తే y². ఒక్కో పొర వైశాల్యాన్ని దాని y² తో గుణించి, అన్నిటినీ కూడితే వచ్చేదే మన కొలత:

I = ∫ y² dA

వైశాల్యాన్ని దూరపు వర్గంతో గుణించాం కాబట్టి ప్రమాణం మిల్లీమీటరుకు నాలుగో ఘాతం, mm⁴.

ఆ అక్షం సరిగ్గా ఎక్కడుంటుంది? దీని మీద పెద్దవాళ్లే తడబడ్డారు. 1638లో అచ్చయిన గ్రంథంలో గెలీలియో గోడలోంచి పొడుచుకొచ్చిన దూలాన్ని తీసుకుని, అది కింది అంచును ఆధారం చేసుకుని తిరుగుతుందని భావించాడు. 1826లో ఫ్రెంచి ఇంజనీరు నేవియే తన పాఠాల్లో తటస్థ అక్షాన్ని ఛేదం కేంద్రాభం గుండా సాగేలా స్థిరపరిచాడు. కారణం తేలికే. దూలం నిలకడగా ఉందంటే అడుగున లాగే బలాలూ, పైన నొక్కే బలాలూ సరిసమానం కావాలి. ఆ బలాలు y కి అనుపాతంలో ఉన్నాయి కాబట్టి పైనా కిందా ఉన్న y × వైశాల్యాలన్నీ కలిపితే సున్నా రావాలి. అలా వచ్చే గీత కేంద్రాభం గుండానే పోతుంది. దీర్ఘచతురస్రంలో అది ఎత్తుకు నట్టనడుమ ఉంటుంది.

ముందు చేత్తో కూడి చూద్దాం

సమాకలనం జోలికి పోకముందు నిలబెట్టిన చెక్కను ఊహలోనే అడ్డంగా మూడు పట్టీలు చేద్దాం. ఒక్కొక్కటి 50 వెడల్పు, 50 ఎత్తు, అంటే 2,500 చదరపు మిల్లీమీటర్లు. నడిమి పట్టీ కేంద్రం అక్షం మీదే ఉంది కాబట్టి దాని వాటా సున్నా. పైదీ కిందిదీ 50 దూరంలో ఉన్నాయి, దూరపు వర్గం 2,500. కూడితే 1,25,00,000.

ఇప్పుడు ఆరు పట్టీలు చేద్దాం. ఒక్కో పట్టీ ఎత్తు 25, వైశాల్యం 1,250. కేంద్రాల దూరాలు అక్షానికి ఇరువైపులా 12.5, 37.5, 62.5. వాటి వర్గాలు 156.25, 1,406.25, 3,906.25. మూడూ కలిపితే 5,468.75. దాన్ని రెండింతలు చేసి 1,250తో గుణిస్తే 1,36,71,875.

మొత్తం పెరిగింది. ఎందుకంటే ఒక్కో పట్టీలోని వైశాల్యాన్నంతా దాని మధ్యనే పోగుపడినట్టు లెక్కవేశాం. నిజానికి పట్టీలో సగం ఇంకా దూరంగా ఉంది, సగం దగ్గరగా ఉంది. వర్గం చేసినప్పుడు దూరపు సగం పెంచేది దగ్గరి సగం తగ్గించేదాని కంటే ఎక్కువ. నడిమి పట్టీనే చూడండి, దాని వాటా సున్నా అన్నాం గానీ అది నిజం కాదు. పట్టీలు సన్నబడేకొద్దీ ఈ పొరపాటు కరిగిపోతుంది. పట్టీ మందాన్ని dy అనేంత సన్నగా చేసి కూడడమే సమాకలనం.

వెడల్పు b, ఎత్తు h అనుకుంటే ఒక్కో పట్టీ వైశాల్యం b dy. అడుగున y = −h/2, పైన y = +h/2. y² ను సమాకలనం చేస్తే y³/3 వస్తుంది:

I = b ∫ y² dy = b [y³/3], హద్దులు −h/2 నుంచి +h/2

= (b/3)(h³/8 + h³/8) = bh³/12

రెండో పదం ముందు కూడిక గుర్తు ఎందుకొచ్చిందో గమనించాలి. రుణ సంఖ్య ఘనం రుణమే, దాన్ని తీసేస్తే కలిపినట్టే. పరీక్షల్లో ఇక్కడ జారి సున్నా తెచ్చుకునేవాళ్లున్నారు. y² ఎప్పుడూ ధనమే కాబట్టి ఈ కొలత సున్నా కావడం కుదరదు. సున్నా వచ్చిందంటే గుర్తు తప్పిందన్నమాటే.

మన చెక్కకు b = 50, h = 150. జవాబు 1,40,62,500 mm⁴. ఆరు పట్టీల లెక్క దీనికి మూడు శాతం లోపు తేడాలో ఉంది. చెక్కను పడుకోబెడితే b = 150, h = 50 అవుతాయి. జవాబు 15,62,500. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే సరిగ్గా తొమ్మిది.

ఎక్కడ తప్పుతారు?

సూత్రం చిన్నదే గానీ అందులో h ఏదో తేల్చుకోవాలి. పొడవైన భుజం h కాదు, బరువు దిశలో ఉన్న భుజం h. దీన్ని తారుమారు చేస్తే మన చెక్కకు జవాబు తొమ్మిదింతలు తప్పుతుంది. అలాగే అక్షాన్ని నడిమధ్యన కాక కింది అంచున పెట్టుకుని 0 నుంచి h దాకా సమాకలనం చేస్తే bh³/3 వస్తుంది. అది అసలు విలువకు నాలుగింతలు.

ఇంకో తప్పు పనిచేసేచోట జరుగుతుంది. 50 మందం చెక్కలు రెండు ఒకదానిమీదొకటి పరిస్తే 100 మందం దూలం అయిపోయిందనుకుంటారు. వాటిని కలిపి బిగించకపోతే వంగేటప్పుడు ఒకదానిమీదొకటి జారుతాయి, దేని తటస్థ అక్షం దానికే ఉంటుంది. అప్పుడు మొత్తం 31,25,000 మాత్రమే. జారకుండా గట్టిగా అతికిస్తే అక్షం ఒక్కటే అయ్యి 1,25,00,000 అవుతుంది. చెక్కల చివరలు చూస్తే తెలిసిపోతుంది. బరువు పెట్టగానే పై చెక్క అంచూ కింది చెక్క అంచూ ఒకే గీతలో లేకుండా మెట్టులా తప్పుకుంటే అవి జారుతున్నట్టే.

తొమ్మిది రెట్లు అన్నది కుంగుదల సంగతి. విరగడం వేరే లెక్క. అన్నిటికంటే దూరంగా ఉన్న పొర మీదే ఒత్తిడి ఎక్కువ కాబట్టి I ని h/2 తో భాగించి చూడాలి, bh²/6 వస్తుంది. ఆ లెక్కన నిలబెట్టిన చెక్క మూడు రెట్లు ఎక్కువ బరువు మోస్తుంది, తొమ్మిది రెట్లు కాదు. పైగా ఎత్తు పెంచుతూ, మందం తగ్గిస్తూ పోతే చెక్క కిందికి వంగడానికి ముందే పక్కకు మెలిపడుతుంది. ఆ ప్రమాదం గురించి ఈ సూత్రం ఏమీ చెప్పదు.

గుండ్రటి వాసానికి అడ్డదారి

వృత్తాన్ని కూడా అడ్డపట్టీలుగా కోయవచ్చు. కానీ పట్టీ వెడల్పు ఎత్తును బట్టి మారుతూ, వర్గమూలంతో నిండిన సమాకలని ఎదురవుతుంది. దాన్ని తప్పించుకునే దారి ఒకటుంది. వృత్తాన్ని ఉల్లిపాయ పొరల్లా వలయాలుగా విడదీయడం. కేంద్రం నుంచి r దూరంలో, dr మందంతో ఉన్న వలయం వైశాల్యం 2πr dr. ఆ వలయంలో ప్రతి బిందువూ కేంద్రానికి ఒకే దూరంలో ఉంది. కేంద్రం నుంచి దూరపు వర్గాలను కూడితే:

J = ∫ r² · 2πr dr = 2π [r⁴/4], హద్దులు 0 నుంచి R = πR⁴/2

కానీ ఇది కేంద్రం నుంచి కొలిచినది, మనకు కావలసింది అడ్డగీత నుంచి. పైథాగరస్ ప్రకారం r² = x² + y². అంటే J లో రెండు వాటాలున్నాయి, అడ్డ అక్షానిదొకటి, నిలువు అక్షానిదొకటి. వృత్తాన్ని ఎటు తిప్పినా ఒకటే కాబట్టి రెండూ సమానం. సగం చేస్తే చాలు:

I = πR⁴/4 = πd⁴/64

వంపు లెక్కలో ఈ సగం చేయడం మరిచి πd⁴/32 వేసేవాళ్లు ఎక్కువ. అది కడ్డీని మెలితిప్పేటప్పుడు వాడే విలువ. మరో తప్పు, వ్యాసం సూత్రంలో వ్యాసార్థం వేయడం. అప్పుడు జవాబు 16 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది.

చివరగా ఒక పోలిక. 100 మిల్లీమీటర్ల చదరపు దుంగను చిత్రిక పట్టి, అందులోంచి వీలైనంత లావు గుండ్రటి వాసం తీశారనుకోండి. నాలుగు మూలల్లో పోయిన కలప 21.5 శాతమే. కానీ I విలువ 83,33,333 నుంచి సుమారు 49,08,739కి దిగింది, 41 శాతం నష్టం. ఇప్పుడు ఆ గుండ్రటి వాసాన్నే వెదురు బొంగులా లోపల 80 వ్యాసం మేర తొలిచేయండి. పోయిన కలప ఏకంగా 64 శాతం. I లో నష్టం మాత్రం మళ్లీ అదే 41 శాతం. అంచున పోయిన ఐదో వంతు కలపకూ, నడిమిన పోయిన మూడింట రెండు వంతుల కలపకూ దూలం చెల్లించిన మూల్యం ఒక్కటే.