మూడు నెలల తర్వాతి డాలరుకు ఈరోజే ధర

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నడిపే ఒక ఎగుమతిదారును ఊహించుకుందాం. అమెరికా దిగుమతిదారుకు 2 లక్షల డాలర్ల వెనామీ రొయ్యలు పంపే ఆర్డరు చేతికొచ్చింది. డబ్బు మాత్రం మూడు నెలల తర్వాత వస్తుంది. రైతుకు చెరువు గట్టున ఇచ్చే ధర, కూలీల వేతనాలు, ఐసు, కరెంటు, విశాఖ పోర్టు దాకా రవాణా అన్నీ కలిపి 1 కోటి 67 లక్షల రూపాయలు అవుతాయనుకుందాం. ఖర్చంతా రూపాయల్లో, రాబడి డాలర్లలో. ఈరోజు డాలరు 86 రూపాయలు ఉంటే లెక్క బాగానే కనిపిస్తుంది. కానీ అతనికి అందేది ఈరోజు రేటు కాదు, డబ్బు వచ్చే రోజు రేటు.

అతని ఖర్చును డాలర్లతో భాగిస్తే 83 రూపాయల 50 పైసలు వస్తుంది. డాలరు అంతకన్నా దిగితే, రొయ్య ఎంత నాణ్యంగా ఉన్నా, కొనుగోలుదారు ఎంత నిజాయితీగా చెల్లించినా నష్టమే. 83 దగ్గర మార్చుకుంటే లక్ష రూపాయలు చేతినుంచి పడతాయి.

రూపాయి ఎప్పుడూ పడిపోతూనే ఉంటుంది కదా, ఎగుమతిదారుకు భయమెందుకు అనిపించవచ్చు. 2007లో జరిగింది దానికి జవాబు. ఏడాది మొదట్లో 44 రూపాయల చుట్టూ ఉన్న డాలరు, ఆ ఏడాది చివరికి 40 కంటే కిందకు దిగింది. సన్నని లాభం మీద బతికే ఎగుమతి వ్యాపారాలకు ఆ నాలుగు రూపాయలే చాలా పెద్ద దెబ్బ.

ఈ భయానికి బ్యాంకు దగ్గర దొరికే పాత, సరళమైన మందు ఫార్వర్డ్ కాంట్రాక్టు. ఎగుమతిదారు తన బ్యాంకుకు వెళ్లి, మూడు నెలల తర్వాత వచ్చే 2 లక్షల డాలర్లను ఈరోజే ఒక నిర్ణీత రేటుకు అమ్ముతానని ఒప్పందం రాస్తాడు. ఆ రోజు మార్కెట్లో డాలరు ఎంత ఉన్నా బ్యాంకు అదే రేటు ఇవ్వాలి, అతను అదే రేటుకు డాలర్లు ఇవ్వాలి. ఈరోజు డబ్బు చేతులు మారదు. అతని లావాదేవీల స్థాయిని బట్టి బ్యాంకు ఒక లిమిట్ కేటాయిస్తుంది, కొన్నిసార్లు కొంత మార్జిన్ డిపాజిట్ అడుగుతుంది.

మొదటిసారి వెళ్లిన వాళ్లను ఆశ్చర్యపరిచే సంగతి, బ్యాంకు చెప్పే రేటు ఈరోజు 86 కంటే ఎక్కువగా ఉండటం. అది బ్యాంకు చెప్పిన జోస్యం కాదు. డాలరు పెరుగుతుందనే అంచనా అందులో లేదు, ఉన్నది వడ్డీల తేడా. బ్యాంకు వైపు నుంచి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మూడు నెలల తర్వాత వచ్చే డాలర్ల మీద తనకు రిస్కు లేకుండా ఉండాలంటే బ్యాంకు ఈరోజే డాలర్లు అప్పు తెచ్చి, అమ్మేసి, వచ్చిన రూపాయలను వడ్డీకి పెట్టవచ్చు. గడువు నాడు ఎగుమతిదారు ఇచ్చిన డాలర్లతో ఆ అప్పు తీరుతుంది. రూపాయి వడ్డీ డాలరు వడ్డీ కంటే ఏడాదికి 2 శాతం ఎక్కువైతే, మూడు నెలలకు అర శాతం మిగులుతుంది. 86లో అర శాతం 43 పైసలు. దీన్నే ప్రీమియం అంటారు. అందులో బ్యాంకు తన లాభం 8 పైసలు తీసుకుందనుకుంటే, ఎగుమతిదారుకు దక్కే రేటు 86 రూపాయల 35 పైసలు.

అంటే మూడు నెలల తర్వాత అతనికి రావలసింది 1 కోటి 72 లక్షల 70 వేలు. ఖర్చు పోను 5 లక్షల 70 వేలు మిగులుతాయి. ఈ లెక్క ఈరోజే తేలిపోయింది కాబట్టి, రైతుకు ఇవ్వగల ధర ఎంతో కూడా ఈరోజే ధైర్యంగా చెప్పగలడు.

గడువు నాటికి డాలరు 88 అయితే? ఒప్పందం లేకపోతే 3 లక్షల 30 వేలు అదనంగా వచ్చేవి. ఫార్వర్డ్ చేసుకున్న వాళ్లకు మనసు కలుక్కుమనేది ఇక్కడే. 2013 మే నెలలో 55 రూపాయల చుట్టూ తిరిగిన డాలరు ఆగస్టు 28న 68 దాటింది. మేలో ఫార్వర్డ్ రాసుకున్న ఎగుమతిదారులు ఆ పెరుగుదలను చూస్తూ ఉండిపోవలసి వచ్చింది. అయినా దాన్ని నష్టంగా లెక్కగట్టడం తప్పు. వాళ్లు అనుకున్న లాభం వాళ్లకు పూర్తిగా వచ్చింది. ఫార్వర్డ్ పని అంతవరకే.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఈ ఒప్పందం మారకం రేటును కట్టేస్తుంది కానీ కొనుగోలుదారును కట్టేయదు. సరుకు రేవులో తనిఖీ దగ్గర ఆగినా, కొనుగోలుదారు చెల్లింపు వాయిదా వేసినా, ఆర్డరే రద్దయినా బ్యాంకుతో మాట మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. గడువు రోజు డాలర్లు లేకపోతే బ్యాంకు ఆ కాంట్రాక్టును ఆనాటి రేటుకు రద్దు చేస్తుంది. ఆ రోజు బ్యాంకు డాలరు అమ్మే రేటు 88 రూపాయల 5 పైసలు అయితే, తేడా రూపాయి 70 పైసలు. 2 లక్షల డాలర్లకు అది 3 లక్షల 40 వేలు. సరుకు డబ్బు రాకుండానే జేబులోంచి కట్టాలి. 2025 ఆగస్టు 27న భారతీయ సరుకుల్లో చాలావాటిపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ రెండు రోజులకే డాలరు 88 రూపాయలు దాటింది. రొయ్యల ఎగుమతిదారుకు ఇంతకన్నా చెడ్డ జోడీ ఉండదు: ఒకవైపు కొనుగోలుదారు వెనకాడుతుంటాడు, మరోవైపు అమ్మేసిన డాలరు ఖరీదెక్కుతుంటుంది.

డబ్బు ఆలస్యమవుతుందే తప్ప వస్తుందని నమ్మకముంటే రోలోవర్ చేయించుకోవచ్చు. పాత కాంట్రాక్టును ముగించి కొత్త గడువుకు కొత్తది రాస్తారు. పాతదాని తేడా అప్పుడే తేల్చుకోవాల్సి వస్తే చేతిలో నగదు అవసరమవుతుంది. డబ్బు ఏ తేదీన వస్తుందో కచ్చితంగా తెలియనప్పుడు, ఒక్క రోజుకు కాకుండా కొన్ని రోజుల వ్యవధిలో ఎప్పుడైనా డాలర్లు ఇచ్చేలా మొదటే రాయించుకోవడం మేలు. ఆ వ్యవధి మామూలుగా నెలకు మించదు. అలాంటప్పుడు బ్యాంకు ఆ వ్యవధిలోని మొదటి రోజు దాకానే ప్రీమియం ఇస్తుంది కాబట్టి రేటు కొన్ని పైసలు తగ్గుతుంది. ఆ పైసలు ఇచ్చుకోవడమే నయం.

మరో పొరపాటు లెక్కల పుస్తకంలో దాక్కుంటుంది. చాలామంది ఎగుమతిదారులు సరుకు సిద్ధం చేయడానికి బ్యాంకు నుంచి డాలర్లలోనే ప్యాకింగ్ క్రెడిట్ తీసుకుంటారు. ఆ డాలర్లను అప్పుడే రూపాయల్లోకి మార్చేసి ఉంటారు. తర్వాత వచ్చే బిల్లు డాలర్లు ఆ అప్పుకే జమ అవుతాయి. అంటే ఆ మేరకు రేటు ముందే ఖరారైపోయింది. అదే బిల్లు మీద మళ్లీ పూర్తి మొత్తానికి ఫార్వర్డ్ చేస్తే, ఒకే డాలరును రెండుసార్లు అమ్మినట్టు. గడువు నాడు ఇవ్వడానికి చేతిలో డాలర్లు ఉండవు.

అందుకే ఎంత భాగానికి ఫార్వర్డ్ చేయాలన్నది డాలరు ఎటు పోతుందన్న ఊహను బట్టి కాకుండా, డబ్బు ఎంత ఖాయంగా వస్తుందన్న దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. మంచి బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉన్న బిల్లుకు పూర్తిగా చేసుకోవచ్చు. కొత్త కొనుగోలుదారుకు అప్పు మీద పంపిన సరుకైతే సగానికి చేసుకున్నా చాలు. సంతకం పెట్టే ముందు స్పాట్ రేటు ఎంత, ప్రీమియం ఎంత, బ్యాంకు మార్జిన్ ఎన్ని పైసలు అని విడివిడిగా చెప్పమని అడగండి. 2 లక్షల డాలర్ల మీద 8 పైసలంటే 16 వేల రూపాయలు. బేరమాడితే తగ్గేది అదొక్కటే.