సరఫరాదారుగా నమోదుకు ఈమెయిల్: ముందు కాగితాలు సరిచూడండి

బాలానగర్‌లో నలుగురు పనివాళ్లతో గన్‌మెటల్ బుష్‌లు తయారుచేసే ఒక షెడ్ ఉందనుకుందాం. యజమాని వాటిని ఒక ప్రభుత్వ రంగ సంస్థకు అమ్మాలనుకుంటున్నాడు. మొదటి మెట్టు, కొనుగోళ్ల విభాగానికి ఈమెయిల్ రాసి వెండర్‌గా నమోదు చేయమని కోరడం.

చాలామంది ఇక్కడ సంస్థ చరిత్రంతా రాస్తారు. చదివే అధికారికి కావలసింది మాత్రం మూడే: ఏ వస్తువు, ఎంత తయారుచేయగలరు, ఇంతకుముందు ఎవరికి ఇచ్చారు. సబ్జెక్టు లైనులోనే వస్తువు పేరు కనబడాలి. లోపల ఇలా రాస్తే చాలు:

"అయ్యా, మాది బాలానగర్‌లోని సూక్ష్మ తయారీ సంస్థ. 20 నుంచి 150 మి.మీ. వ్యాసం గల గన్‌మెటల్ బుష్‌లను నెలకు 400 వరకు మీ డ్రాయింగు ప్రకారం తయారుచేయగలం. గత మూడేళ్లలో చేసిన సరఫరాల ఆర్డర్లు జతచేశాం. మమ్మల్ని మీ వెండర్ల జాబితాలో చేర్చగలరు. పోర్టల్‌లో దరఖాస్తు చేయవలసి ఉంటే ఆ వివరం తెలుపగలరు."

జతచేసే కాగితాల పేర్లు కింద వరుస నంబర్లతో రాయాలి. సాధారణంగా అడిగేవి: ఉద్యమ్ ధ్రువపత్రం, పాన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, రద్దుచేసిన చెక్కు, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, పాత ఆర్డర్లు, సరుకు సక్రమంగా అందిందని కొనుగోలుదారు ఇచ్చిన పత్రం, యంత్రాల జాబితా, ఏ సంస్థా బ్లాక్‌లిస్టులో పెట్టలేదన్న హామీపత్రం. ఫైళ్లకు కూడా అవే నంబర్లు పెడితే వెతుక్కునే పని ఉండదు.

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది కాగితం లేకపోవడం వల్ల కంటే, కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్ల. షెడ్ మారినప్పుడు జీఎస్టీలో కొత్త చిరునామా ఎక్కించి, ఉద్యమ్‌లో పాతదే వదిలేస్తారు. పాన్‌లో భాగస్వామ్య సంస్థ పేరుంటే, చెక్కు మీద యజమాని పేరుంటుంది. పంపే ముందు అన్నీ పక్కపక్కన పెట్టి పేరు, చిరునామా అక్షరం అక్షరం చూసుకోవాలి. తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించి, ఆ తర్వాతే పంపాలి.

ఉద్యమ్‌లో మరొక్కటి చూడాలి: మీ పని తయారీగా నమోదైందా, వ్యాపారంగానా? సూక్ష్మ, చిన్న సంస్థలకు ప్రభుత్వ కొనుగోలు విధానం ఇచ్చే ధరావత్తు మినహాయింపు, ఉచిత టెండరు పత్రాలు తయారీదారులకు, సేవలందించేవారికి వర్తిస్తాయి. కేవలం కొని అమ్మేవారికి వర్తించవు. 2012లో వచ్చిన ఆ విధానం ప్రకారం ఇప్పుడు కేంద్ర శాఖలు, సంస్థలు ఏడాది కొనుగోళ్లలో 25 శాతం ఇలాంటి సంస్థల నుంచే తీసుకోవాలి. నిజంగా తయారుచేస్తూ ఉద్యమ్‌లో వ్యాపారమని రాయించుకున్నవారు ఆ నమోదును సవరించుకోవాలి.

జవాబు రాకపోతే అదే ఈమెయిల్ కిందే మర్యాదగా గుర్తుచేయండి. చాలా సంస్థలు కొనుగోళ్లను జెమ్ పోర్టల్ ద్వారానే జరుపుతున్నాయి, కాబట్టి అందులోనూ విక్రేతగా నమోదు చేసుకోండి. జాబితాలో చేరినంత మాత్రాన ఆర్డరు రాదు. టెండర్లలో ధర వేసి గెలవాల్సిందే.