బాత్‌రూమ్ పని: ముప్పై నాలుగు రోజులా, ఇరవై ఏడా?

పై అంతస్తులో పాత బాత్‌రూమ్ ఉంది. కింది గది పైకప్పుకు చెమ్మ దిగుతోంది. టైల్స్ పగలగొట్టి, పైపులు మార్చి, మొత్తం కొత్తగా చేయించాలి. మేస్త్రిని అడిగితే నెల రోజులంటాడు. ఆ నెల ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం చెప్పలేడు. అలవాటు మీద చెప్పిన లెక్క అది. అసలు లెక్క ఒక నోటుబుక్కు పేజీలో వేసుకోవచ్చు.

ముందుగా పనులు, వాటికి పట్టే రోజులు రాసుకుందాం. పగలగొట్టడం మూడు రోజులు. గోడల్లో, నేలలో పైపులు వేసి ప్రెషర్ టెస్టు చేయడం మూడు. కరెంటు పైపులు ఒకటి. ప్లాస్టరింగ్ రెండు, దానికి క్యూరింగ్ ఏడు. వాటర్‌ప్రూఫింగ్ పూతలు, ఆరడం కలిపి మూడు. నీళ్లు నిలబెట్టి చూడడం రెండు. టైల్స్ నాలుగు, అవి పట్టుకోవడానికి ఒకటి, సందులు నింపే గ్రౌటింగ్ ఒకటి. కమోడ్, కుళాయిలు, గీజరు బిగించడం రెండు. ఇవి కాక టైల్స్ ఎంచుకుని తెప్పించడానికి పన్నెండు రోజులు, తలుపు చేయించడానికి పది, దాన్ని బిగించడానికి ఒకటి. అన్నీ కూడితే 52. ఇన్ని రోజులు పట్టదని అందరికీ తెలుసు, ఎందుకంటే కొన్ని పనులు పక్కపక్కనే నడుస్తాయి. ఏది దేనితో నడుస్తుంది, ఏది దేని కోసం ఆగుతుంది అన్నదే తేల్చాలి.

1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ గణితజ్ఞుడు జేమ్స్ కెల్లీ కలిసి ఈ లెక్కకు ఒక పద్ధతి తయారు చేశారు. దాన్నే క్రిటికల్ పాత్ అంటారు. వాళ్లు కంప్యూటరు మీద చేసిన పనిని కాగితం మీదే చేయవచ్చని 1961లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ ఫాండాల్ చూపించాడు. మన బాత్‌రూమ్‌కు ఆ కాగితం చాలు.

ప్రతి పని దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది మొదలుకావాలంటే ఏది అయిపోవాలి? ప్లాస్టరింగ్‌కు పైపులూ కరెంటూ రెండూ పూర్తికావాలి. వాటర్‌ప్రూఫింగ్‌కు క్యూరింగ్ ముగియాలి. టైల్స్‌కు నీళ్ల పరీక్ష నెగ్గాలి, సరుకు కూడా ఇంటికి చేరాలి. అయితే ప్లంబరు రావాలంటే పగలగొట్టడం మొత్తం అయిపోనక్కర్లేదు. గోడలు రెండు రోజుల్లో తేలిపోతాయి, మూడో రోజు కూలీలు నేల మీద ఉంటారు. ఆ రోజే ప్లంబరు గోడల్లో గాడులు కొట్టించుకోవచ్చు. కాబట్టి ఆ రెండు పనుల మధ్య రాసుకోవాల్సింది ‘పగలగొట్టడం మొదలైన రెండు రోజులకు ప్లంబింగ్ మొదలు’ అని. నేలలో నహానీ ట్రాప్ పెట్టాలి గనుక, పగలగొట్టడం ముగిశాక ప్లంబరుకు కనీసం ఒక రోజు మిగలాలని రెండో షరతు కూడా పెట్టాలి. మొదటి షరతు ఒక్కటే రాసి ఊరుకుంటే, పగలగొట్టడం వారం సాగినా కాగితం మీద ప్లంబింగ్ అయిదో రోజుకే పూర్తయినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు రోజులు వేసుకుంటూ ముందుకు వెళ్దాం. పైపులు మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా. ప్లాస్టరింగ్ ఆరు, ఏడు. క్యూరింగ్ పద్నాలుగు వరకు, వాటర్‌ప్రూఫింగ్ పదిహేడు వరకు, నీళ్ల పరీక్ష పంతొమ్మిది వరకు. టైల్స్ ఇరవై నుంచి ఇరవై మూడు. ఇరవై అయిదున గ్రౌటింగ్. ఇరవై ఏడుకు బిగింపులు పూర్తి.

మరి తలుపు? సాధారణంగా టైల్స్ అంతా అయ్యాకే తలుపు కొలత తీసుకుంటారు. ఇరవై మూడున కొలత ఇస్తే ముప్పై మూడుకు తలుపు తయారు, ముప్పై నాలుగున బిగింపు. కుళాయిలో నీళ్లు వస్తుంటాయి, గీజరు పనిచేస్తుంటుంది, తలుపు లేక బాత్‌రూమ్ వాడుకోలేం. మేస్త్రి చెప్పిన నెల అక్కడ దాటిపోతుంది.

ఈ ఏడు రోజులు తగ్గించడానికి ఎవరినీ తొందరపెట్టనక్కర్లేదు. టైల్స్ అయ్యాకే కొలత ఎందుకు? నేల ఎంత ఎత్తుకు వస్తుందో అప్పటిదాకా తెలియదు గనుక. ఆ ఎత్తు ముందే తేల్చేస్తే ఆగాల్సిన పని లేదు. ప్లాస్టరింగ్ సమయంలోనే గ్రానైట్ ఫ్రేమ్ నిలబెట్టించి, లెవల్ పైపుతో పూర్తయిన నేల ఎత్తును గోడ మీద గీయించి, ఏడో రోజు సాయంత్రం కొలత ఇవ్వండి. పదిహేడో రోజుకే తలుపు వచ్చి పక్కన ఉంటుంది. చివరి రెండు రోజుల్లో బిగింపులతో పాటు అదీ అయిపోతుంది. మొత్తం ఇరవై ఏడు. దీనికో షరతు ఉంది: టైల్స్ వేసేటప్పుడు ఆ గీత దాటి నేల పైకి లేవకూడదు. లేస్తే తలుపు అడుగు కోయించాలి.

ఇక చివరి నుంచి వెనక్కి నడిచి చూడండి. టైల్స్ ఇరవయ్యో రోజుకు కావాలి, తెప్పించడానికి పన్నెండు రోజులు. అంటే ఎనిమిదో రోజు పొద్దున ఆర్డరిచ్చినా ఇబ్బంది లేదు, ఏడు రోజుల వెసులుబాటు ఉంది. తొమ్మిదో రోజుకు జారితే మొత్తం పని ఒక రోజు జారుతుంది. అలాంటి వెసులుబాటు ఒక్క రోజు కూడా లేని పనుల వరుసే క్రిటికల్ పాత్. పగలగొట్టడం మొదలుపెట్టడం, పైపులు, ప్లాస్టరింగ్, క్యూరింగ్, వాటర్‌ప్రూఫింగ్, నీళ్ల పరీక్ష, టైల్స్, గ్రౌటింగ్, బిగింపులు. పగలగొట్టడంలో మాత్రం ఒక తేడా ఉంది. అది మొదలుకావడం ఒక రోజు ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే. ముగియడం ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు, నాలుగో రోజుకు నేల తేలినా ప్లంబరు అయిదుకు ముగించగలడు. పనులు ఒకదానిమీదొకటి ఎక్కి నడిచే చోట మొదలునూ ముగింపునూ విడివిడిగా చూడాల్సింది ఇందుకే.

కరెంటు పనికి కాగితం మీద ఒక రోజు వెసులుబాటు ఉంది. నాలుగో రోజు కాకపోతే అయిదో రోజు చేసుకోవచ్చు. కానీ అయిదడుగుల గదిలో ప్లంబరూ ఎలక్ట్రీషియనూ కలిసి పనిచేయలేమంటే, ఎలక్ట్రీషియన్ ఆరో రోజుకు వెళతాడు, మొత్తం ఇరవై ఎనిమిది అవుతుంది. పనుల మధ్య సంబంధాలే తప్ప చోటు చాలకపోవడం, ఒకే మనిషి రెండు ఇళ్ల పని ఒప్పుకోవడం ఈ లెక్కకు తెలియవు. వాటిని కూడా షరతులుగా మనమే రాయాలి.

అన్నిటికంటే భయపడాల్సింది నీళ్ల పరీక్ష దగ్గర. రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద మట్టం గుర్తు పెట్టి, కింది గది పైకప్పు చూస్తుండాలి. చెమ్మ కనిపిస్తే, మూలల్లో మళ్లీ పూత, ఆరడం, మళ్లీ రెండు రోజుల పరీక్ష: నాలుగు రోజులు పోతాయి. ఇక్కడ డబ్బెక్కువిచ్చినా, మనుషుల్ని పెంచినా పూత త్వరగా ఆరదు. ఇంట్లో శుభకార్యం ఉంటే ఇరవై ఏడు కాదు, ముప్పై ఒకటని చెప్పుకోండి. పరీక్షను రెండు రోజుల నుంచి ఒక రోజుకు కుదించమని ఎవరన్నా ఒప్పుకోకండి.

పని మొదలయ్యాక వారానికోసారి ఈ కాగితం తీసి కొత్తగా లెక్క వేయండి. మేస్త్రి ‘సగమైంది’ అంటే అది రాయకండి. ఇంకా ఎన్ని రోజులు పడుతుందో అడిగి, ఆ అంకె రాయండి.